ఒక మార్కు విలువ ఎన్ని లక్షలు?

*ఎం.బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రొక్యూర్‌మెంట్ పేపర్‌లో కేస్ అసైన్‌మెంట్ ఇచ్చారు. ఒక కంపెనీ కొత్త గోడౌన్ కోసం 200 బార్‌కోడ్ స్కానర్లు, మూడేళ్ళ సర్వీసుతో కలిపి కొనాలి. గోడౌన్ తెరిచే తేదీ ఖరారైపోయింది. నాలుగు బిడ్లు వచ్చాయి. వెయిటేజీలు కేసులోనే ఉన్నాయి: ధర 40, టెక్నికల్ 30, డెలివరీ 15, సర్వీసు 15. ధర తప్ప మిగతా మూడింటికీ పదికి ఇన్ని అని మార్కులు కూడా ఇచ్చారు. మా గ్రూపులో ముగ్గురం విడివిడిగా లెక్క వేస్తే ముగ్గురికీ మూడు వేర్వేరు కంపెనీలు గెలిచాయి! నాకు బి, ఒకరికి సి, ఇంకొకరికి ఎ. కూడికలు నాలుగుసార్లు చూసుకున్నాం, తప్పు దొరకలేదు. వచ్చే వారం సబ్మిట్ చేయాలి, ఒకటే టెన్షన్. ఎవరిది కరెక్ట్?*

| కంపెనీ | ధర (లక్షల్లో) | టెక్నికల్ | డెలివరీ | సర్వీసు |
|---|---|---|---|---|
| ఎ | 80 | 6 | 7 | 6 |
| బి | 100 | 9 | 8 | 8 |
| సి | 92 | 8 | 8 | 8 |
| డి | 130 | 9 | 9 | 9 |

*— ఒక విద్యార్థిని*

కూడికల్లో తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. మిగతా మూడు అంశాలకూ మార్కులు చేతికిచ్చి ధరను మాత్రం లక్షల్లోనే వదిలేశారు చూడండి, కేసు రాసినవాళ్ళు అసలు పరీక్ష అక్కడే పెట్టారని నా అనుమానం. లక్షల్ని మార్కులుగా మార్చడానికి ముగ్గురూ మూడు దారులు పట్టినట్టున్నారు. మీ షీట్లు నేను చూడలేదు. కానీ గెలిచిన పేర్లను బట్టి ఎవరు ఏ సూత్రం వాడారో చెప్పొచ్చు.

ముందు ధర పక్కన పెట్టి, మిగతా 60 మార్కుల సంగతి చూద్దాం. పదికి వచ్చినదాన్ని ఆ అంశం వెయిటేజీతో హెచ్చవేసి పదితో భాగించాలి. ఎ-కి 37.5, బి-కి 51, సి-కి 48, డి-కి 54 వస్తాయి. ఇందులో మీ ముగ్గురికీ పేచీ ఉండదు.

ఇప్పుడు ధర. మీరు బహుశా అన్నిటికన్నా తక్కువ ధరను ఒక్కో కంపెనీ ధరతో భాగించి 40తో హెచ్చవేసి ఉంటారు. సి గెలిచిన మిత్రుడు అత్యధిక ధరకు సున్నా, అత్యల్ప ధరకు 40 ఇచ్చి, మధ్యలో ఉన్నవాటిని ఆ నిష్పత్తిలో సర్ది ఉంటాడు. స్ప్రెడ్‌షీట్‌లో ధరలు B2 నుంచి B5 వరకు ఉంటే ఆ రెండూ ఇలా ఉంటాయి:

```
=40*MIN($B$2:$B$5)/B2
=40*(MAX($B$2:$B$5)-B2)/(MAX($B$2:$B$5)-MIN($B$2:$B$5))
```

మొదటి సూత్రంతో ధరకు ఎ 40, బి 32, సి 34.8 తెచ్చుకుంటాయి. మొత్తం కలిపితే బి-కి 83, సి-కి 82.8, ఎ-కి 77.5. బి గెలిచింది. రెండో సూత్రంతో ధర మార్కులు ఎ-కి 40, బి-కి 24, సి-కి 30.4. మొత్తం చూస్తే సి 78.4, ఎ 77.5, బి 75. సి గెలిచింది. మూడో వ్యక్తి వాడింది కూడా రెండో సూత్రమే. కాకపోతే 130 లక్షల డి ఎలాగూ వచ్చేది కాదని ముందే తీసేసి ఉంటారు. అప్పుడు అత్యధిక ధర బి వాళ్ళ 100 అవుతుంది కాబట్టి బి-కి ధర మార్కులు సున్నా, సి-కి 16. ఎ మాత్రం అదే 77.5తో ఉంటుంది, సి 64కి, బి 51కి పడిపోతాయి.

గెలిచే అవకాశమే లేని ఒక బిడ్‌ను ఉంచితే సి, తీసేస్తే ఎ! సి కొటేషన్‌లో అక్షరం మారలేదు, ఎ కొటేషన్‌లోనూ మారలేదు. ఈ ఒక్క సంగతి చాలు, రెండో సూత్రం మీద అనుమానం రావడానికి. ఇంకో చిన్న పరీక్ష పెట్టండి. రెండే బిడ్లు వచ్చి, ధరలు 80, 81 అనుకోండి. ఆ సూత్రం ఒకరికి 40, ఇంకొకరికి సున్నా ఇస్తుంది. ఒక్క లక్ష తేడాకు నలభై మార్కులు!

అలాగని మీరు వాడిన మొదటి సూత్రం నిర్దోషి అనుకోకండి. అది బాగా వాడుకలో ఉన్నదే. ప్రపంచ బ్యాంకు నిధులతో నడిచే పనులకు కన్సల్టెంట్లను ఎంచుకునేటప్పుడు, నాణ్యతనూ ధరనూ కలిపి చూసే పద్ధతిలో ధర మార్కులు మామూలుగా ఇలాగే వేస్తారు. అయితే అది మొత్తం అత్యల్ప ధర మీదే ఆధారపడి ఉంటుంది. రేపు అయిదో కంపెనీ ఒకటి 40 లక్షలకే ఇస్తానని వచ్చిందనుకోండి. వస్తువు పనికిరానిది, మిగతా అంశాల్లో మార్కులే రావు. కానీ దాన్ని లెక్కలో ఉంచితే ఎ-కి ధర మార్కులు 40 నుంచి 20కి, బి-కి 32 నుంచి 16కి తగ్గుతాయి. అంటే ఈ ఇద్దరి మధ్య ధరలో ఉన్న 8 మార్కుల తేడా 4కి పడిపోయింది. కాగితం మీద ధర వెయిటేజీ ఇంకా 40 అనే ఉంటుంది, పని చేసేది మాత్రం అందులో సగమే. అందుకే కనీస అర్హత లేని బిడ్లను మార్కుల దాకా రానివ్వకూడదు. స్కానర్ మీ లేబుళ్ళను చదవగలదా, మూడేళ్ళ సర్వీసుకు ఒప్పుకున్నారా లాంటివాటికి అవును, కాదు అన్నదే జవాబు. కాదు అన్న బిడ్ అక్కడే ఆగిపోవాలి, దాని ధర ఎవరి లెక్కలోకీ రాకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. వెయిటేజీ 40 అనగానే ధరకు 40 శాతం ప్రాధాన్యం అనుకుంటాం. కానీ ఆ 40 అనేది ఎన్ని లక్షల తేడాకు అన్నది చెప్పనంతవరకు దానికి అర్థం లేదు. ప్రతి సూత్రం వెనకా ఒక మారకపు రేటు దాక్కుని ఉంటుంది: ఒక మార్కు అంటే ఎన్ని లక్షలు? దాన్ని బయటికి తీస్తే మీ ముగ్గురి గొడవ తేలిపోతుంది.

బి, సి కంపెనీలను పక్కపక్కన పెట్టండి. డెలివరీ, సర్వీసు రెండిట్లోనూ సమానం. బి టెక్నికల్‌లో ఒక మెట్టు పైన ఉంది, ఆ మెట్టు విలువ 3 మార్కులు. దానికి ప్రతిగా 8 లక్షలు ఎక్కువ అడుగుతోంది. కాబట్టి ప్రశ్న ఒక్కటే: టెక్నికల్‌లో ఒక మెట్టుకు 8 లక్షలు ఇస్తామా?

మీ సూత్రం ప్రకారం 92 నుంచి 100కి వెళితే పోయేవి 2.8 మార్కులు. అంటే ఒక మార్కు సుమారు 2.9 లక్షలు, టెక్నికల్ మెట్టు సుమారు 8.6 లక్షలు. 8 కన్నా ఎక్కువ కాబట్టి బి గెలిచింది. రెండో సూత్రంలో, డి ఉన్నప్పుడు, 80 నుంచి 130 దాకా ఉన్న 50 లక్షలకు 40 మార్కులు. ఒక మార్కు 1.25 లక్షలు, మెట్టు 3.75 లక్షలు. బి ఓడింది. డి-ని తీసేస్తే 20 లక్షలకే 40 మార్కులు. మార్కు అర లక్ష, మెట్టు లక్షన్నర. ఒకే టెక్నికల్ మెట్టుకు మీరు ఎనిమిదిన్నర లక్షలు ఇవ్వడానికి సిద్ధపడ్డారు, మీ మిత్రుడు మూడు ముప్పావు, మూడో ఆయన లక్షన్నర. ముగ్గురికీ ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఈ వాదన కూడికల మీద జరిగేది కాదు.

ఎ, సి మధ్య కూడా అంతే. సి 12 లక్షలు ఎక్కువ అడిగి, మిగతా అంశాల్లో 10.5 మార్కులు ఎక్కువ ఇస్తోంది. మార్కు 1.25 లక్షలైతే ఆ 10.5 మార్కుల విలువ 13 లక్షల పైచిలుకు, కాబట్టి సి లాభం. మార్కు అర లక్షే అయితే అవి అయిదుంబావు లక్షలే, కాబట్టి ఎ లాభం. మీ కేసంతా ఈ రెండు పోలికల్లోనే ఉంది. డి-ని ఇక మరచిపోవచ్చు, సి కన్నా 38 లక్షలు ఎక్కువ పోసి తెచ్చుకునేది 6 మార్కులు.

అయితే ఆ రేటు ఎక్కణ్ణుంచి వస్తుంది? సూత్రం నుంచి రాకూడదు, పని నుంచి రావాలి. టెక్నికల్‌లో 8కి, 9కి తేడా ఏమిటో కేసులో వెతకండి. సాధారణంగా ఇలాంటి కొనుగోలులో స్కానర్ మొదటి ప్రయత్నంలోనే లేబుల్‌ను చదివేస్తుందా అన్నది ముఖ్యమైన కొలత. మీ కేసులో ఉన్న అంకెలు నా దగ్గర లేవు కాబట్టి దారి చూపించడానికి కొన్ని ఊహించి వేస్తాను, మీరు మీవి పెట్టుకోండి.

9 మార్కుల స్కానర్ నూటికి 99 లేబుళ్ళు మొదటిసారే చదువుతుంది, 8 మార్కులది 98, అలా ఒక్కో మెట్టుకు ఒక శాతం తగ్గుతూ 6 మార్కులది 96 అనుకుందాం. గోడౌన్‌లో రోజుకు 20,000 స్కాన్లు. ఒక శాతం తేడా అంటే రోజుకు 200 లేబుళ్ళు చేత్తో కొట్టాలి. ఒక్కోదానికి 15 సెకన్లు వేసుకుంటే రోజుకు 50 నిమిషాలు. ఏడాదికి 300 పనిదినాల మీద 250 గంటలు, మూడేళ్ళకు 750 గంటలు. గంటకు కూలీ, ఇతర ఖర్చులూ కలిపి 400 పడుతుందంటే మొత్తం 3 లక్షలు. టెక్నికల్ మెట్టు విలువ ఇదన్నమాట. చేత్తో కొట్టేటప్పుడు తప్పులు దొర్లి సరుకు వేరేచోటికి పోవడం కూడా ఖర్చే, దాన్నీ కలపాలి. కానీ బి-ని సమర్థించాలంటే ఆ తప్పుల ఖర్చు ఇంకో 5 లక్షలు ఉండాలి. అంత ఉందని కేసు చెబితే తప్ప బి పక్కకు పోవాల్సిందే. మీ షీట్‌లో ఫస్టొచ్చిన కంపెనీ ఇదే, ఏం చేస్తాం.

ఇప్పుడు మెట్టుకు 3 మార్కులు, మెట్టుకు 3 లక్షలు. అంటే ఒక మార్కు ఒక లక్ష. ఈ రేటు వచ్చేలా ధర కొలబద్దను ముందే బిగించేయండి. 40 మార్కులు కాబట్టి 40 లక్షల మేర కావాలి. కంపెనీ సొంత అంచనా 90 లక్షలు అనుకుంటే 70కి పూర్తి 40 మార్కులు, 110కి సున్నా. 110 దాటితే బడ్జెట్ దాటినట్టే అని ఒక గీత గీసెయ్యొచ్చు. ఈ రెండు చివరలూ వచ్చిన బిడ్లను బట్టి కదలవు. డి ఉన్నా లేకపోయినా, ఎవరో 40 లక్షలతో వచ్చినా సి మార్కులు అవే. దీనికి సూత్రం:

```
=MAX(0,MIN(40,40*(110-B2)/(110-70)))
```

ధరకు ఎ 30, బి 10, సి 18. మొత్తం ఎ 67.5, సి 66, బి 61. వెయిటేజీ చెప్పే ముందు ఆ అంశంలో అట్టడుగు నుంచి పై కొస దాకా వెళితే మనకు ఎంత ఒరుగుతుందో అడిగే ఈ పద్ధతికి స్వింగ్ వెయిటింగ్ అని పేరు. రిపోర్టులో ఆ మాట వాడితే మంచిదే, కానీ మాట రాసి లెక్క చూపించకపోతే మార్కులు రావు.

ఎ లక్షన్నర తేడాతో ముందుంది. ఇక్కడ ఆగిపోయి ఎ అని రాసేస్తే మళ్ళీ మొదటికొస్తాం. టెక్నికల్ మెట్టుకు విలువ కట్టాం కానీ డెలివరీ, సర్వీసు మెట్లకు కట్టలేదు. ఒక మార్కు ఒక లక్ష అన్నప్పుడే వాటి విలువ కూడా మనకు తెలియకుండా తేలిపోయింది: ఒక్కోటి లక్షన్నర. అది నిజమేనా?

సర్వీసు చూద్దాం. 6 మార్కులంటే పాడైన స్కానర్‌కు బదులు మూడు రోజుల్లో ఇస్తారని, 8 అంటే ఒక రోజులో ఇస్తారని అనుకుందాం. 200 స్కానర్లలో ఏడాదికి 30 పాడవుతాయంటే ఎ దగ్గర ఏడాదికి 90 స్కానర్-రోజులు పోతాయి. భయంకరంగా వినిపిస్తుంది కానీ 300 పనిదినాల మీద పంచితే ఏ రోజైనా సగటున మూలన పడి ఉండేవి 0.3 స్కానర్లు. మూడు స్కానర్లు అదనంగా కొని బీరువాలో పెట్టుకుంటే దాదాపు ఎప్పుడూ పని ఆగదు. ఎ ధరలో స్కానర్ ఒక్కొక్కటి 40 వేలు, మూడింటికి 1.2 లక్షలు. సర్వీసులో సి-కి ఉన్న రెండు మెట్ల ఆధిక్యానికి మార్కుల పట్టిక 3 లక్షలు కట్టింది, 1.2 లక్షలతో అది మాయమైపోతోంది. వెయిటేజీల పట్టికలో ఇలాంటివి ఎప్పటికీ కనిపించవు, ఎందుకంటే ఆ పట్టికకు అదనపు స్కానర్లు కొనుక్కోవచ్చని తెలియదు.

డెలివరీది ఇంకో తకరారు. అది నున్నగా సాగే మెట్లదారి కాదు, మధ్యలో గోడ ఉంది. ఎ ఇస్తానన్న తేదీ, సి ఇస్తానన్న తేదీ రెండూ గోడౌన్ తెరిచే రోజుకన్నా ముందే అయితే, 7కి 8కి మధ్య ఉన్న ఆ మెట్టుకు పైసా విలువ లేదు. సరుకు రెండు వారాలు ముందొచ్చి మూలన పడుంటే ఏం లాభం? అదే ఎ తేదీ తెరిచే రోజు దాటిపోతే అప్పుడు ఒక్కో వారం ఆలస్యానికి ఎంత పోతుందో లెక్క కట్టాలి. ఎ-కి మూడు స్కానర్లు కలిపితే 81.2 లక్షలు, సి కన్నా 10.8 తక్కువ. అందులో టెక్నికల్ రెండు మెట్లకు 6 లక్షలు తీసేస్తే మిగిలింది 4.8. ఆలస్యం వల్ల పోయేది 4.8 లక్షలకన్నా ఎక్కువైతే సి, లేకపోతే ఎ. కేసులో డెలివరీ తేదీలు ఉన్న పేజీ తిరగేయండి, మీ జవాబు అక్కడుంది.

ధరల గురించి ఒక జాగ్రత్త. నాలుగు కొటేషన్లూ ఒకే సామానుకేనా అని చూసుకున్నారా? ఒకరు మూడేళ్ళకూ బ్యాటరీలు కలిపి ఇస్తారు, ఇంకొకరు మొదటి ఏడాదికే ఇచ్చి తర్వాత విడిగా వసూలు చేస్తారు. రవాణా, పన్నులు, సిబ్బందికి నేర్పే ఖర్చు కొందరి ధరలో ఉంటాయి, కొందరి ధరలో ఉండవు. అన్నిటినీ మూడేళ్ళ మొత్తం ఖర్చుగా మార్చాకే సూత్రం ముట్టుకోవాలి. అలా బ్యాటరీ ఖర్చును ధరలో కలిపేశాక, బ్యాటరీ ఇవ్వరు కాబట్టి అని సర్వీసులో మళ్ళీ మార్కు కోస్తే ఒకే తప్పుకు రెండు శిక్షలు వేసినట్టు. గ్రూపు అసైన్‌మెంట్లలో ఇది తెగ జరుగుతుంది, ఎందుకంటే ధర ఒకరు చూస్తారు, సర్వీసు ఇంకొకరు చూస్తారు.

మార్కులు వేసేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. నేను ఒక సంస్థలో కొనుగోళ్ళ కమిటీలో కూర్చున్న రోజుల్లో ఇద్దరం సాంకేతిక మార్కులు వేశాం. నేను మెతక మనిషిని, మూడు బిడ్లకూ 7, 7, 8 వేశాను. పక్కాయన 3, 9, 6 వేశారు. సగటు తీశారు. ఆయన మొదటి స్థానంలో పెట్టిన కంపెనీయే పైకొచ్చింది, ఆయన అట్టడుగున పెట్టినదే అడుగున మిగిలింది. ఇద్దరికీ సమాన ఓటు అన్నారు కానీ అంకెలను ఎక్కువ సాగదీసినవాళ్ళకే ఓటు దక్కింది. ధర విషయంలో డి చేసిన పనే ఇది, మనిషి రూపంలో. దీనికి విరుగుడు, 6 అంటే ఏమిటి, 8 అంటే ఏమిటి అని కొలవగలిగే మాటల్లో ముందే రాసుకోవడం. పైన నేను స్కాన్ శాతాలతో చేసింది అదే. మీ కేసులో మార్కులు రెడీమేడ్‌గా ఇచ్చారు కాబట్టి, వాటి వెనక ఏ కొలత ఉందో రిపోర్టులో ఒక పేరాలో అడిగి వదిలినా చాలు.

మీ షీట్‌లో బి 83, సి 82.8 అని వచ్చింది కదా. టెక్నికల్‌లో ఎవరో ఒక మెట్టు అటూ ఇటూ వేస్తే 3 మార్కులు కదులుతాయి, డెలివరీలో అయితే ఒకటిన్నర. అలాంటి తక్కెడలో 0.2 అంటే గాలి. ధర వెయిటేజీ 42 చేసి టెక్నికల్ 28 చేసి చూడండి, మీ సూత్రంతోనే సి ముందుకొచ్చేస్తుంది. కాబట్టి దశాంశాల తేడాతో బి గెలిచింది అని రాయకండి. చాలామంది సెన్సిటివిటీ అని చెప్పి అన్ని వెయిటేజీలనూ అయిదేసి శాతం జరిపి ఓ పెద్ద పట్టిక పెడతారు. అది చదివే ఓపిక ఎవరికీ ఉండదు. దానికి బదులు గెలుపు మారిపోయే చోటు ఎక్కడుందో చెప్పండి. టెక్నికల్ మెట్టు 8 లక్షలు దాటితేనే బి, ఆలస్యం 4.8 లక్షలు దాటితేనే సి. రెండే వాక్యాలు. దిద్దేవాళ్ళు ఒప్పుకోకపోయినా ఎక్కడ ఒప్పుకోవడం లేదో వాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

ఒక అభ్యంతరం మీకు రావచ్చు: వెయిటేజీలు కేసులో ఇచ్చారు కదా, నేను రేటు మార్చడం మోసం కాదా? వెయిటేజీలను మీరు మార్చడం లేదు. 40 నలభైగానే ఉంది. ఆ 40 ఎన్ని లక్షల మీద పరుచుకోవాలో కేసు చెప్పలేదు, ఆ ఖాళీని మీరు నింపుతున్నారు. నింపే తీరులో మాత్రం మోసానికి చోటుంది. ధరలు చూశాక, నచ్చిన కంపెనీ గెలిచేదాకా చివరలు జరుపుకుంటూ పోవచ్చు. నిజమైన టెండర్లలో అందుకే పద్ధతిని బిడ్లు తెరవకముందే రాసి పెట్టుకుంటారు. యూరోపియన్ యూనియన్ 2014 నాటి ప్రభుత్వ కొనుగోళ్ళ డైరెక్టివ్ అయితే ఒక్కో అంశానికి వెయిటేజీ ఎంతో టెండర్ పత్రాల్లోనే చెప్పమంటుంది. మీరు ఇప్పటికే ధరలు చూసేశారు, దానికేం చేయలేం. 70, 110 ఎందుకు పెట్టారో అంచనా ధర నుంచి, కూలీ లెక్క నుంచి చూపిస్తే చాలు, ఎ పేరు చూసి పెట్టలేదని వాళ్ళకే అర్థమవుతుంది.

రిపోర్టులో మీ ముగ్గురి షీట్లూ దాచకండి. మూడింటినీ ఒక చిన్న పట్టికలో పెట్టి, ఒక్కోదాని పక్కన అందులో ఒక మార్కు ఎన్ని లక్షలకు తూగిందో రాయండి: సుమారు 2.9, 1.25, 0.5. ఆ కింద మీ ఒక లక్ష, అది ఎలా వచ్చిందో. మొదటి సూత్రం దగ్గర మాత్రం ఒక్క మాట కలపండి. అందులో రేటు స్థిరం కాదు, ధర పెరిగేకొద్దీ మారుతుంది. 80 నుంచి 92కి వెళితే పోయేవి 5.2 మార్కులు, అంటే మార్కు 2.3 లక్షలు. 92 నుంచి 100కి వెళ్ళేటప్పుడే అది 2.9. ఖరీదైన బిడ్లవైపు వెళ్ళేకొద్దీ ప్రతి అదనపు లక్షా తక్కువ నొప్పి పెడుతుందన్నమాట. కొనేవాళ్ళ జేబుకు మాత్రం వందో లక్ష కూడా లక్షే.